పల్లి, పేట, పురం, ఆబాద్: ఊరి పేరు చివరి ముక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అలహాబాద్ 2018లో ప్రయాగ్‌రాజ్ అయింది. ఔరంగాబాద్ 2023లో ఛత్రపతి శంభాజీనగర్ అయింది. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్ల పేర్ల మీద చర్చ మొదలవుతుంది. ఆ చర్చలో ఒక లెక్క తరచూ వినిపిస్తుంది: చివర 'ఆబాద్' ఉంటే ముస్లిం పాలకులు కట్టిన ఊరు, 'పురం' ఉంటే హిందూ రాజులు కట్టినది, 'పల్లి' ఉంటే మొదటి నుంచీ చిన్న గ్రామం, 'పేట' ఉంటే కొత్తగా వెలిసిన బజారు. ఈ లెక్క కొంతవరకు పనిచేస్తుంది. పనిచేయని చోట మాత్రం చరిత్రను తలకిందులు చేస్తుంది.

సంక్షిప్తంగా

ఊరి పేరు చివరి పదం ఆ పేరు పెట్టినవాళ్ల ఉద్దేశాన్ని చెబుతుంది, ఊరి వయసును కాదు. 'పేట' ఎక్కువగా సంతకు, సుంకానికి గుర్తు. 'ఆబాద్' అధికారిక ఉత్తర్వుకు, గౌరవానికి గుర్తు. 'పల్లి' జనం నోట పుట్టిన పేరు కావడమే ఎక్కువ. 'పురం', 'పూర్' మధ్య తేడా చాలాచోట్ల ఊరు కట్టినవారిది కాదు, దస్త్రం రాసినవారిది. రాజు పెట్టిన పేరు నిలిచిందా లేదా అన్నది ఆ పేరు ఏ రికార్డులకెక్కింది, ఎంతకాలం వాడుకలో ఉంది అన్నదాని మీద ఆధారపడింది.

పదహారు వందల ఏళ్ల కిందటే ఈ పదాలు

పురం, పల్లి, ఊరు అనే మూడు రకాల పేర్లూ ఒకే చోట కనిపించే చాలా పాత ఆధారం ఒకటుంది. క్రీ.శ. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి వచ్చాడు. అతని విజయాలను హరిషేణుడు రాసిన ప్రశస్తి అలహాబాద్ స్తంభం మీద ఉంది. అందులో ఓడిపోయిన రాజుల జాబితాలో పిష్టపురపు మహేంద్రుడు, కొట్టూరు స్వామిదత్తుడు, ఎరండపల్ల దమనుడు, వేంగి హస్తివర్మ కనిపిస్తారు. పిష్టపురం నేటి పిఠాపురమే.

ఈ జాబితాలో గమనించాల్సింది ఒకటుంది. పేరు చివర పల్లి వర్గానికి చెందిన మాట ఉన్న ఊరికీ రాజున్నాడు, పురం ఉన్న ఊరికీ రాజున్నాడు. పల్లి అంటే చిన్నది, పురం అంటే పెద్దది అన్న నిఘంటువు అర్థం అప్పటికే ఊళ్ల విషయంలో సడలిపోయింది. సంస్కృతంలో 'పురం' మొదట కోట, గోడ ఉన్న పట్టణం. తరవాత అది దేవుడి పేరుతోనో దాత పేరుతోనో వెలిసిన ఏ ఊరికైనా వాడుకైంది. 'పల్లె' అనే మాట ద్రావిడ భాషల్లోనూ సంస్కృత, ప్రాకృతాల్లోనూ ఉంది. నివాసం, చిన్న ఊరు అన్నది దాని సాధారణ అర్థం. 'పేట' దక్షిణాది మాట. కన్నడంలో పేటె, తమిళంలో పేట్టై, అన్నిచోట్లా బజారు ఉన్న ఊరు, లేదా కోటకు ఆనుకుని వ్యాపారులు ఉండే వాడ. 'ఆబాద్' ఫారసీ మాట, జనంతో కళకళలాడే చోటు అని. జనాభాకు ఉర్దూలో వాడే 'ఆబాదీ' దీని నుంచి వచ్చిందే.

అర్థాలు ఇంతవరకే. ఒక్కో పదం ఏ పరిస్థితిలో, ఎవరి అవసరం కోసం ఊరికి అంటుకుంది అన్నది అసలు విషయం.

పేట: సంత పెట్టినవాడి ముద్ర

దీనికి జగ్గయ్యపేట కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో, విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే దారికి దగ్గర్లో ఉంది. దాని పాత పేరు బేతవోలు. 18వ శతాబ్దం చివర్లో కృష్ణా తీరాన్ని ఏలిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దాన్ని పెంచి, తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. తల్లి అచ్చమ్మ పేరుతో అచ్చంపేట వెలిసింది. వెంకటాద్రి నాయుడి మొదటి రాజధాని మాత్రం చింతపల్లి, అంటే ఒక 'పల్లి'. తరవాత అతను అమరావతికి మారాడు.

జమీందారు తన కొత్త ఊళ్లకు పురం అనో నగరం అనో కాకుండా పేట అని ఎందుకు పెట్టాడు? జమీందారీ లెక్క చూస్తే జవాబు దొరుకుతుంది. జమీందారు పైవాడికి, అది నవాబు కానీ ఈస్టిండియా కంపెనీ కానీ, ఏటా నగదు కట్టాలి. భూమి మీద వచ్చే శిస్తు వానల మీద, పంట మీద ఆధారపడుతుంది, చాలావరకు ధాన్యంగా వస్తుంది. సంత మీద వచ్చే సుంకం అలా కాదు. బండి లోపలికి వచ్చినప్పుడు, సరుకు చేతులు మారినప్పుడు, అంగడి తెరిచినప్పుడు నాణేల రూపంలో వస్తుంది. తీరంలో దిగిన సరుకు నిజాం రాజ్యంలోకి వెళ్లే దారి పక్కన ఒక పేట ఉంటే, ఆ దారిలో వెళ్లే ప్రతి బండీ జమీందారుకు రాబడే.

పేటను కట్టే పద్ధతి కూడా దాదాపు అంతటా ఒకటే. ముందు వ్యాపారులను, నేతగాళ్లను పిలవాలి. ఊరికే పిలిస్తే రారు. అందుకని ఇళ్ల స్థలాలు ఇచ్చి, మొదటి కొన్నేళ్లు పన్ను తగ్గిస్తామనో తీసుకోమనో రాసిచ్చేవారు. ఈ హామీ పత్రాన్ని కౌలు అనేవారు. విజయనగర కాలపు శాసనాల్లోనూ కొత్త పేటల్లో స్థిరపడేవారికి ఇలాంటి రాయితీలు కనిపిస్తాయి. తరవాత వారానికో రోజు సంత ఖాయం చేసేవారు. ఒకసారి వ్యాపారి కుటుంబాలు కుదురుకుని గుడి, సత్రం, గిడ్డంగి వెలిశాక పేట స్థిరపడినట్టు. వ్యాపారులు రాకపోతే పేరు మిగిలేది, బజారు మిగిలేది కాదు. అందుకే నేడు 'పేట' అని పిలిచే కొన్ని చోట్ల పెద్ద బజారేమీ కనిపించదు.

నరసరావుపేట కథ కూడా ఇలాంటిదే. అట్లూరు అనే పాత ఊరికి మల్రాజు వంశ జమీందారు నరసారావు పేరు వచ్చింది. పాత ఊరి పేర్లు పూర్తిగా పోలేదు. బేతవోలు నేటికీ ఒక ఇంటి పేరు. ఊరు పేరు మారినా, అంతకుముందే ఆ ఊరు వదిలి వెళ్లిన కుటుంబాలు పాత పేరును తమతో తీసుకెళ్తాయి. అందుకే పాత ఊరి పేర్లను వెతికేవారికి ఇంటి పేర్లు ఎంతో పనికొస్తాయి.

ఇక జగ్గయ్యపేట వయసు సంగతి. పేరును బట్టి చూస్తే ఈ ఊరికి రెండు వందల ఏళ్లకు కాస్త పైన. కానీ ఊరి పక్కన ధనంబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. 1880ల్లో పురావస్తు పండితుడు జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశీలించాడు. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పాన్ని పండితులు క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దాల నాటిదిగా లెక్కిస్తారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనాలూ అక్కడే దొరికాయి. అంటే పేటకు ముందు బేతవోలు, బేతవోలుకు ముందు పేరు తెలియని ఒక ఊరు, సుమారు రెండు వేల ఏళ్లుగా జనం ఆ చుట్టుపక్కలే ఉన్నారు. అమరావతిలోనూ ఇదే జరిగింది. వెంకటాద్రి నాయుడు తన కొత్త పట్టణానికి రాళ్ల కోసం తవ్విస్తే మహాస్తూపపు శిల్పాలు బయటపడ్డాయి. ఆ వార్త విని కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1790ల చివర్లో అక్కడికి వచ్చాడు.

పేట అనే ముక్క ఇక్కడ రెండు నిజాలు చెప్పింది: ఎవరో బజారు పెట్టారు, ఆ బజారుకు జగ్గయ్యతో సంబంధముంది. ఊరు ఎప్పుడు పుట్టిందో చెప్పలేదు. చెప్పదు కూడా.

పేట అనగానే తెలుగు దొరే గుర్తుకు రానక్కర్లేదు. హైదరాబాద్‌లో బేగంపేట నిజాం కుటుంబపు ఆడపడుచు బషీరున్నిసా బేగం పేరున ఉంది. షేక్‌పేట ఉంది. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం కుతుబ్‌షాహీ సుల్తాన్ ఇబ్రహీం పేరుతో ఉంది, చివర మాత్రం అచ్చంగా ఇక్కడి 'పట్నం'. ముందు ముక్క పాలకుడిది, వెనక ముక్క ఊరి పని. ఈ రెండింటినీ విడివిడిగా చదవాలి. పాలకుడి మతాన్ని చివరి ముక్క నుంచి ఊహించబోతే ఇక్కడే తప్పుదారి పడతాం.

పల్లి: రాజులు మార్చాలనుకున్నా మారని పేరు

పల్లి పేర్ల ముందు ముక్కలో చెట్లు, కులవృత్తులు, దేవుళ్లు ఎక్కువ. చింతపల్లి, మామిడిపల్లి, గొల్లపల్లి, లింగంపల్లి, కొత్తపల్లి వంటి పేర్లు రెండు రాష్ట్రాల్లోనూ పదేపదే కనిపిస్తాయి. ఒకే పేరు ఇన్నిచోట్ల ఉందంటే అది ఎవరి ఉత్తర్వుతోనో వచ్చింది కాదు. పక్క ఊరివాళ్లు గుర్తుగా అన్న మాట అలాగే స్థిరపడిపోయింది. గొల్లలు మందలతో దిగిన చోటు గొల్లపల్లి, పాత ఊరి నుంచి కొందరు వేరుపడి కట్టుకున్నది కొత్తపల్లి. ఇలాంటి ఊళ్లకు 'స్థాపకుడు' అనే మాటే సరిగా అతకదు.

తీరంలో పల్లెకు ఇంకో ఛాయ ఉంది. అక్కడ పల్లెలు, పాలేలు చాలావరకు చేపలు పట్టేవాళ్ల ఊళ్లు. వాటిలో కొన్ని రేవులై, రేవులు పెద్ద ఓడరేవులై, రాజుల దృష్టిలో పడ్డాయి. నేటి బాపట్ల జిల్లా తీరంలోనే అలాంటివి రెండున్నాయి. రెండిటికీ పాలకులు కొత్త పేరు పెట్టారు. ఒకచోట పాత పేరు గెలిచింది, రెండోచోట కొత్త పేరు గెలిచింది. ఈ తేడా ఎందుకొచ్చిందో చూస్తే పేర్లు నిలిచే తీరు చాలావరకు అర్థమవుతుంది.

మొదటిది మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో ఇక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మానిపించాడు. సరుకు వర్తకుడిదే, మేం తీసుకునేది ముప్పైలో ఒక వంతు సుంకం మాత్రమే అని ప్రకటించాడు. ఈ రేవుకు దేశ్యుయ్యక్కొండపట్టణం అనే ఘనమైన అధికారిక పేరు ఉంది. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి మళ్లీ ఇక్కడే వర్తకులకు హామీలిస్తూ శాసనం వేయించాడు.

ఆ పట్టణం పేరును వర్తకులు వాడారా? మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో ఈ రాజ్యాన్ని 'ముత్‌ఫిలి' అని రాశాడు. మోటుపల్లి అనే మాటే నావికుల నోళ్లలో పడి అలా మారింది. విదేశీ వర్తకులు కూడా రేవును పల్లి అనే పిలిచారన్నమాట. ఘనమైన పేరు శాసనాల్లో ఉండిపోయింది. ఆ తరవాత రేవు వెనకబడింది, రెడ్డి రాజ్యం పోయింది. దానితో పట్టణం పేరును వాడాల్సిన అవసరం ఉన్నవాళ్లే లేకుండా పోయారు. నేడు మోటుపల్లి చినగంజాం దగ్గర ఒక చిన్న ఊరు. పల్లి అన్న పేరు చూసి ఇది ఎప్పుడూ పల్లెటూరే అనుకుంటే, ఆంధ్ర తీరంలోని ముఖ్యమైన రేవుల్లో ఒకటి మన లెక్కలోంచి జారిపోతుంది.

రెండోది పెదపల్లి. 17వ శతాబ్దపు డచ్చి, ఇంగ్లీషు వర్తకులు దీన్ని 'పెటపొలి' అని రాసుకున్నారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లో వచ్చినప్పుడు మచిలీపట్నంతో పాటు ఇక్కడా వర్తకం మొదలుపెట్టింది. దాని రెండో పేరు నిజాంపట్నం. ఇప్పుడు అందరికీ తెలిసింది ఆ పేరే.

రెండూ చేపల పల్లెలే, రెండూ రేవులే, రెండిటికీ 'పట్నం' అని రాజ్యం పేరు పెట్టింది. మరి ఒకదానికే ఎందుకు నిలిచింది? నిజాంపట్నం అనే పేరు రేవుతో ఆగలేదు, ఒక సర్కారు పేరు అయింది. సర్కారు అంటే అప్పటి పాలనా విభాగం. 1759లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ ఇంగ్లీషు కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో మచిలీపట్నం సర్కారుతో పాటు నిజాంపట్నం సర్కారు కూడా పేరుతో సహా ఉంది. పాలన చేతులు మారినప్పుడు పేరు కూడా దస్త్రాలతో పాటు కొత్త పాలకుడికి అందింది. శిస్తు లెక్క, హద్దుల పత్రం, పటం అన్నీ అదే పేరుతో సాగాయి. మోటుపల్లికి ఆ కొనసాగింపు దొరకలేదు.

దస్త్రంలో ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. కొండవీడు సీమకు కుతుబ్‌షాహీలు ముర్తజానగర్ అని పేరు పెట్టారు, అదీ దస్త్రాలకెక్కింది. కానీ కొండవీడు అప్పటికే రెడ్డి రాజుల కాలం నుంచి కోటతో, రాజధానిగా ఎరిగిన పేరు. పైన చెప్పిన 1759 ఒప్పందంలో కూడా ఆ సీమ కొండవీడు పేరుతోనే ఉంది. జనం నోట గట్టిగా ఉన్న పేరును దస్త్రం ఒక్కటే కదిలించలేదు.

హంపీ విజయనగరం దగ్గర కూడా ఇలాంటి పోటీ ఒకటి జరిగింది. కృష్ణదేవరాయలు అక్కడ నాగలాపురం కట్టించాడు. జనం దాన్ని కొత్త బజారుగా చూశారు, హొసపేటె అన్నారు. రాజు ఇచ్చిన పురం పోయి జనం అన్న పేట మిగిలింది. అదే నేటి కర్ణాటకలోని హొసపేటె.

ఆబాద్: ఊరిని కట్టడం కన్నా పేరు పెట్టడమే ఎక్కువ

ఆబాద్ పేర్లలో ముందు ముక్క దాదాపు ఎప్పుడూ ఒక వ్యక్తి పేరో బిరుదో. దాంతో ఆ వ్యక్తే ఊరు కట్టాడని అనుకోవడం సహజం. సికింద్రాబాద్‌ను చూస్తే ఇది ఎంత తప్పో తెలుస్తుంది. నిజాం 1798లో ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ ప్రకారం కంపెనీ దళాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరంగా గుడారాలు వేశాయి. ఆ విడిది చుట్టూ బజార్లు, సిపాయిలకు సరుకులు అమ్మేవాళ్ల ఇళ్లు పెరిగాయి. 1806లో దానికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. కట్టింది కంపెనీ సైన్యం, పెంచింది వ్యాపారులు, పేరు నిజాంది. జనం మాత్రం ఊరు చేసే పనిని బట్టి లష్కర్ అన్నారు, అంటే సైన్యపు విడిది. ఉజ్జయిని మహంకాళి జాతరను నేటికీ లష్కర్ బోనాలు అనే అంటారు. ఒకే ఊరికి రెండు పేర్లు, ఒకటి ఎవరిని గౌరవించాలో చెబుతుంది, ఇంకోటి అక్కడేముందో చెబుతుంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టిన హైదరాబాద్ మాత్రం నిజంగా కొత్త నగరం. చార్మినార్ నడిమధ్యగా వీధులు వేసి కట్టారు. అక్కడ కూడా ముందు ముక్కలో ఉన్నది కట్టించినవాడి పేరు కాదు. 'హైదర్' ఎవరిని ఉద్దేశించింది అన్నదాని మీద రెండు వాదాలున్నాయి: హజ్రత్ అలీ బిరుదు అని ఒకటి, భాగమతికి తరవాత ఇచ్చిన బిరుదు నుంచి వచ్చిందని ఇంకోటి.

తెలంగాణలోని చాలా ఆబాద్‌లు, నగర్‌లు కొత్త ఊళ్లు కావు, పాత ఊళ్ల మీద వచ్చిన కొత్త పేర్లు. ఇందూరు నిజామాబాద్ అయింది, మానుకోట మహబూబాబాద్ అయింది. పాలమూరు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుతో మహబూబ్‌నగర్ అయింది. ఆ ఊరికే రుక్మమ్మపేట అనే పేరు కూడా ఉండేది. ఒకే చోట ఊరు, పేట, నగర్ అనే మూడు పొరలు అలా పేరుకున్నాయి. వీటిలో పాత పేర్లు చావలేదు. పాలమూరు వలసలు, మానుకోట రాజకీయాలు అని ఇప్పటికీ రోజూ వింటాం.

పేరు మార్చినా పాతది బతికిందంటే, కొత్త పేరు ఇంటి వాడుకలోకి దిగలేదన్నమాట. దస్త్రం, స్టేషన్ బోర్డు, పోస్టాఫీసు ముద్ర దాకా వచ్చి ఆగింది. వరంగల్‌కు 1323లో ఢిల్లీ సైన్యం పెట్టిన సుల్తాన్‌పూర్ పేరుకు ఆ బలం కూడా దొరకలేదు. పదిహేనేళ్లు కూడా తిరక్కుండానే కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు, పేరు మాయమైంది.

పురం, పూర్: రాతగాళ్ల చేతి తేడా

అన్నిటికన్నా ఎక్కువగా పాఠకులను తికమక పెట్టేది ఈ జంట. తెలంగాణలో 'పూర్' ఎక్కువ, కోస్తా, రాయలసీమల్లో 'పురం' ఎక్కువ. దీన్ని చూసి తెలంగాణ పూర్‌లు ఉత్తరాది నుంచి వచ్చినవారో ముస్లిం పాలకులో కట్టినవని చాలామంది అనుకుంటారు. చాలావరకు కారణం అది కాదు, ఆఫీసు భాష.

హైదరాబాద్ రాజ్యంలో 1880ల దాకా దస్త్రాల భాష ఫారసీ, ఆ తరవాత 1948 దాకా ఉర్దూ. గ్రామంలో పట్వారీ తెలుగులో చెప్పినా, పైకి వెళ్లే కాగితం ఉర్దూ లిపిలో ఉండాలి. హిందుస్తానీలో ఈ మాటకు అప్పటికే 'పుర్' అనే స్థిరమైన రూపం ఉంది, చివరి 'ము' గానీ సున్నా గానీ ఉండవు. ఏ పురం వచ్చినా గుమస్తా తనకు అలవాటైన పుర్ రాశాడు. అదే రూపం ఇంగ్లీషు పటాల్లోకి పోయింది. తరవాత తెలుగు బోర్డు రాయాల్సి వచ్చినప్పుడు ఇంగ్లీషు చూసి 'పూర్' అని తిరిగి రాశారు. ఇలా మూడు లిపులు దాటేసరికి మొదటి రూపం కనుమరుగైంది. భూపాలపల్లి జిల్లాలో కాకతీయుల కోటగుళ్లున్న ఊరు దీనికి చక్కటి సాక్ష్యం. గణపతిదేవుడి పేరుతో గణపురం అని చెప్పే ఆ ఊరు రికార్డుల్లో ఘన్‌పూర్‌గా తిరిగింది. 'ణ' ఉర్దూలో లేదు, 'గ' కాస్తా 'ఘ' అయింది, 'పురం' కాస్తా 'పూర్' అయింది. ఆ రూపం ఒక్కటే చూసినవారికి కాకతీయులు గుర్తుకే రారు.

ఇది ఉర్దూ వల్ల మాత్రమే జరిగింది కాదు. ఇంగ్లీషు దొరలు పాలించిన రాయలసీమలో కూడా అనంతపురం 'అనంతపూర్' అయింది, హిందూపురం 'హిందూపూర్' అయింది. తెలుగులో మాట్లాడేవాళ్లు మాత్రం అనంతపురానికి పోతున్నాం అనే అన్నారు. అసలు రూపం పురమా కాదా అని తేల్చుకోవడానికి ఈ విభక్తి రూపం మంచి పరీక్ష. ఊరి పెద్దలు 'పురానికి, పురంలో' అంటే పురం. 'ఊరికి, ఊర్లో' అని సాగదీస్తే అది ముందు మాటలోని పకారం, 'ఊరు' కలిసి ఏర్పడిన పేరు, దానికి పురంతో సంబంధం లేదు.

అసలైన పురాల్లోనూ రెండు రకాలున్నాయి. కొన్ని రాజధానులు, కోటలు. చాలా ఎక్కువ మాత్రం దానంగా ఇచ్చిన ఊళ్లు. విజయనగర కాలపు రాగి శాసనాల్లో ఇది ఒక పద్ధతిగా సాగింది. రాజు ఒక గ్రామాన్ని పండితులకు అగ్రహారంగా ఇస్తాడు. శాసనం గ్రామం పాత పేరు చెప్పి, దానికి ప్రతినామం అంటూ రాజు పేరుతోనో రాణి పేరుతోనో దాత పెద్దల పేరుతోనో ఒక పురాన్ని జోడిస్తుంది. హద్దులు రాసేటప్పుడు మాత్రం చుట్టుపక్కల ఊళ్లను వాడుక పేర్లతోనే రాస్తారు, లేకపోతే హద్దు ఎక్కడో ఎవరికీ తెలియదు. ఈ ప్రతినామాల్లో కొన్నే బతికాయి. శాసనంలో పురం ఉండి, నేలమీద ఆ పేరు ఎక్కడా దొరక్కపోతే, వెతకాల్సింది శాసనంలోనే ఉన్న పాత పేరుతో.

చెరువు పేరు ఊరికి వచ్చిన సందర్భాలు ఇంకో చిక్కు. బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు కట్టించాడని చెప్పే రెండు చెరువులు అనంతసాగరం, బుక్కరాయసముద్రం. అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం నేటికీ ఒక మండలం. 'అనంత' రాణి పేరని ఒక వాదం, మంత్రి పేరులోదేనని ఇంకోటి. ఏదైనా ముందు నీళ్లు, ఆ తరవాతే పురం.

ఒక ఊరి పేరును ఎలా పరీక్షించాలి

చివరి ముక్కతో మొదలుపెట్టడం సులువు, అక్కడే ఆగిపోవడం ప్రమాదం. ముందు ఊరికి ఎన్ని పేర్లున్నాయో చూడాలి: బోర్డు మీద ఒకటి, రెవెన్యూ పహాణీలో ఒకటి, ఊళ్లో వాడేది ఒకటి, పక్క ఊరివాళ్లు పిలిచేది ఒకటి. రెండు తేలితే ఏది పాతదో శాసనాలు, కైఫీయతులు చెప్పగలవు. కైఫీయతులంటే మెకంజీ కోసం కావలి సోదరులు, వారి బృందం 1800 ప్రాంతంలో ఊరూరా తిరిగి కరణాల నుంచి, పెద్దల నుంచి రాయించిన గ్రామచరిత్రలు. వీటిలో పేరు ఎలా వచ్చిందో తరచూ ఉంటుంది. అందులో ఉన్నదంతా చరిత్ర కాదు. రాముడు ఆగాడు, పాండవులు వండుకున్నారు అనే కథలు పేరు పుట్టాక దానికి అతికించినవి కావచ్చు. కానీ కైఫీయతు రాసే నాటికి ఊరిని ఏ పేరుతో పిలిచేవారో అది నమ్మకంగా చెబుతుంది. జగ్గయ్యపేట లాంటి ఊళ్లకు ఆ రాత దాదాపు పేరు మారిన కాలానిదే.

పేరు నేలతో కలుస్తోందా అన్నది తరవాతి పరీక్ష. పేట అంటే పాత సంత వీధి, వ్యాపారుల ఇళ్లు, వారి గుడి ఉండాలి. కోట లేని పురం అగ్రహారం కావచ్చు, అప్పుడు ఇనాం భూముల రికార్డు ఉంటుంది. ఆబాద్ అయితే దాని కింద పాత ఊరు ఉందో లేదో చూడాలి. ఊరి పక్కన పాటిమట్టి దిబ్బ, పాత కుండ పెంకులు ఉంటే పేరు కన్నా ఊరు చాలా పాతదని అనుమానించవచ్చు.

ఈ పరీక్షలన్నీ విఫలమయ్యే చోట్లు కూడా ఉన్నాయి. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామాలని ఉంటాయి. దీపం వెలగని ఊరని ఆ ఫారసీ మాటకు అర్థం. కరువుకో జబ్బుకో దండయాత్రకో జనం వదిలేసి పోగా, సర్వే నంబర్లు, హద్దులు, చివర పల్లి అనో పూర్ అనో ఉన్న పేరు మాత్రం కాగితం మీద మిగిలాయి. అక్కడ ఏమని పిలిచేవారో చెప్పడానికి పెద్దలు లేరు, పక్క ఊరి రైతులు ఆ పొలాలను వేరే గుర్తులతో పిలుచుకుంటారు. అలాంటి చోట్ల గుమస్తా రాసిన రూపం ఒక్కటే ఆధారం. దాన్ని బట్టి కట్టినవారెవరో తేల్చడం కుదరదు.